స్లాబ్‌ల వారీగా సేల్స్ కమీషన్ లెక్కించడం: నెల డేటా నుంచి చెల్లింపు షీట్ దాకా

ఫీల్డ్ సేల్స్ కమీషన్ గురించి పాఠకులు అడిగే ప్రశ్నలు తిరిగి తిరిగి రెండింటి దగ్గరికే వస్తున్నాయి. స్లాబ్ దాటితే కొత్త రేటు మొత్తం అమ్మకానికా, దాటిన భాగానికేనా? పోయిన నెల అమ్మిన సరుకు ఈ నెల వాపసు వస్తే ఏ నెల లెక్కలో తగ్గించాలి?

మొదటి ప్రశ్న ఒక ఫార్ములాతో తేలిపోతుంది. రెండోదానికి చాలా ఫైళ్లలో జవాబే ఉండదు. నెల నెలా రెప్‌లకూ అకౌంట్స్‌కూ మధ్య నడిచే వాదనలు ఎక్కువగా అక్కడే పుడతాయి. అందుకే వాపసుల భాగానికి ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాను. లెక్కంతా ఎక్సెల్‌లో చేస్తాం. F07 అనే కోడ్ ఉన్న ఒక రెప్ మూడు నెలల లెక్కను మొదటి నుంచి చివరి దాకా నడిపిద్దాం.

## 1. ఫైల్ తెరవకముందు రాసుకోవాల్సిన రూల్స్

ఫార్ములా రాయడం అరగంట పని. రూల్ తేలకుండా రాస్తే మాత్రం ప్రతి నెలా ఆ ఫార్ములాను మార్చుకుంటూ కూర్చోవాలి. కింది వాటికి సేల్స్ హెడ్ దగ్గరా అకౌంట్స్ దగ్గరా ఒకే జవాబు ఉండేలా రాతలో తీసుకోండి.

- కమీషన్ దేని మీద? పన్ను, రవాణా ఛార్జీలు, బిల్లు మీద ఇచ్చిన డిస్కౌంట్ తీసేయగా మిగిలిన విలువ మీద అని రాయడం మేలు.
- స్లాబ్ రేటు మొత్తానికా, ఆ స్లాబ్‌లో పడిన భాగానికేనా?
- అమ్మకం ఏ నెలది? ఇన్వాయిస్ తేదీని బట్టా, డబ్బు వసూలైన తేదీని బట్టా?
- వాపసు వస్తే ఏ నెల నుంచి తగ్గాలి? ఎన్ని నెలల వరకు పాత లెక్క తెరిచి ఉంటుంది?
- ఇద్దరు కలిసి చేసిన అమ్మకాన్ని ఎలా పంచాలి? కస్టమర్ ఒక రెప్ నుంచి ఇంకొకరికి మారితే ఏ తేదీ నుంచి లెక్క?
- నెల మధ్యలో చేరినవారికి స్లాబ్ హద్దులు అలాగే ఉంటాయా, పనిచేసిన రోజుల నిష్పత్తిలో తగ్గుతాయా?

ఇక్కడ ఇన్వాయిస్ తేదీ పద్ధతినే తీసుకుంటున్నాను. వసూలు మీద కమీషన్ ఇచ్చే చోట కూడా లెక్క ఇదే. ఇన్వాయిస్ వరుసల స్థానంలో వసూలు వరుసలు వస్తాయి, అంతే.

మన ఉదాహరణలో స్లాబ్‌లు ఇవి:

| నెల నికర అమ్మకం | రేటు |
|---|---|
| మొదటి 2,00,000 | 1% |
| 2,00,000 పైన 5,00,000 వరకు | 1.5% |
| 5,00,000 పైన 8,00,000 వరకు | 2.5% |
| 8,00,000 పైన | 4% |

## 2. రెండు పద్ధతుల తేడా అంకెల్లో

F07 నికర అమ్మకం 6,40,000 అనుకుందాం. మూడో స్లాబ్‌లో పడ్డాడు కాబట్టి మొత్తానికి 2.5% వేస్తే 16,000 వస్తుంది.

భాగాల వారీగా వేస్తే లెక్క వేరు. మొదటి 2,00,000కు 2,000. తర్వాతి 3,00,000కు 4,500. మిగిలిన 1,40,000కు 3,500. మొత్తం 10,000.

ఒకే స్లాబ్ పట్టిక, ఒకే అమ్మకం. తేడా మాత్రం 6,000. కమీషన్ లెటర్‌లో "5 లక్షలు దాటితే 2.5%" అని మాత్రమే రాసి ఉంటే రెప్ 16,000 అనుకుంటాడు, అకౌంట్స్ 10,000 అనుకుంటుంది. ఇద్దరి తప్పూ కాదు, ఆ వాక్యానిదే తప్పు.

మొత్తానికి రేటు వేసే పద్ధతిలో ఇంకో చిక్కుంది. 4,99,000 అమ్మినవారికి 7,485 వస్తే, 5,01,000 అమ్మినవారికి 12,525 వస్తుంది. అమ్మకంలో తేడా 2,000, కమీషన్‌లో తేడా 5,040. అంటే హద్దుకు కొంచెం దూరంలో ఉన్న రెప్, నెలాఖరున డీలర్ వద్దన్నా సరుకు దింపించి తర్వాతి నెల వాపసు తీసుకోవడానికి మనమే కారణం కల్పిస్తున్నాం. భాగాల వారీ పద్ధతిలో అదే ఇద్దరికి 6,485, 6,525 వస్తాయి. తేడా 40. హద్దు దగ్గర దూకుడు ఉండదు.

నా మటుకు నేను ఫీల్డ్ టీమ్‌కు భాగాల వారీ పద్ధతినే సిఫారసు చేస్తాను. ఇక మీదట లెక్కంతా దాని మీదే.

## 3. Data షీట్ సిద్ధం చేయడం

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఎగుమతి చేసిన ఫైల్‌ను నేరుగా కమీషన్ ఫార్ములాకు కలపకండి. ముందు Data పేరుతో ఒక షీట్ పెట్టి, ఇన్వాయిస్‌కు ఒక వరుస చొప్పున ఈ కాలమ్‌లు ఉంచండి.

| కాలమ్ | పేరు | ఏముంటుంది |
|---|---|---|
| A | Doc_No | ఇన్వాయిస్ లేదా క్రెడిట్ నోట్ నంబర్ |
| B | Doc_Date | ఆ కాగితం తేదీ |
| C | Rep | రెప్ కోడ్ |
| D | Type | అమ్మకమైతే INV, వాపసైతే RET, రద్దయితే CAN |
| E | Amt | పన్ను లేని విలువ |
| F | Orig_Inv | వాపసు అయితే అసలు ఇన్వాయిస్ నంబర్ |
| G | Share | వాటా, మామూలుగా 1, సగమైతే 0.5 |
| H | Comm_Month | కమీషన్ నెల |
| I | Credit | లెక్కలోకి వచ్చే విలువ |

A నుంచి G వరకు డేటా. H, I మాత్రం ఫార్ములాలు. H2లో ఇది:

```
=EOMONTH(IF(D2="RET",INDEX($B$2:$B$5000,MATCH(F2,$A$2:$A$5000,0)),B2),-1)+1
```

మామూలు ఇన్వాయిస్ అయితే దాని తేదీ ఉన్న నెల మొదటి రోజు వస్తుంది. వాపసు అయితే క్రెడిట్ నోట్ తేదీని పట్టించుకోదు. అసలు ఇన్వాయిస్‌ను వెతికి ఆ ఇన్వాయిస్ నెలను తెస్తుంది. ఈ ఒక్క కాలమ్ వల్లే తర్వాత వాపసుల లెక్క సులువవుతుంది. ఇది పనిచేయాలంటే పాత నెలల వరుసలు ఇదే షీట్‌లో ఉండాలి. నెల మారగానే పాత డేటా తుడిచేసే అలవాటు ఉంటే ఇక్కడితో మానేయాలి.

I2లో ఇది:

```
=IF(D2="CAN",0,IF(D2="RET",-1,1)*ABS(E2)*G2)
```

కొన్ని సాఫ్ట్‌వేర్‌లు వాపసులను మైనస్ గుర్తుతో, కొన్ని ప్లస్‌తో ఇస్తాయి. ABS ఉండటం వల్ల ఎలా వచ్చినా ఒక్కసారే తగ్గుతుంది.

ఇద్దరు పంచుకున్న ఇన్వాయిస్‌ను రెండు వరుసలుగా రాయండి. రెండింటిలోనూ పూర్తి విలువే ఉంచి, Shareలో ఎవరి వాటా వారికి వేయండి. వాపసు వచ్చినప్పుడు కూడా రెండు వరుసలు రాయాలి. ఒకరి పేరు మీదే రాస్తే రెండోవారి వాటా ఎప్పటికీ తగ్గదు.

లెక్కకు వెళ్లే ముందు చూడాల్సినవి:

- రెప్ కోడ్ చివర ఖాళీ స్పేస్ ఉందా? కోడ్‌లో సున్నా బదులు O అక్షరం పడిందా?
- Amt కాలమ్‌లో అంకెలు టెక్స్ట్‌గా ఉన్నాయా?
- తేదీలో రోజు, నెల తారుమారయ్యాయా? జూన్ 3 కాస్తా మార్చి 6గా మారితే ఏ ఎర్రరూ రాదు. అమ్మకం వేరే నెలకు వెళ్లిపోతుంది. H కాలమ్‌కు ఫిల్టర్ పెట్టి ఉండకూడని నెలలేమైనా కనిపిస్తున్నాయేమో చూడండి.
- ఒకే ఇన్వాయిస్, ఒకే రెప్ రెండుసార్లు వచ్చిందా? పక్క కాలమ్‌లో ఇది రాసి 1 కంటే ఎక్కువ వచ్చినవి చూడండి:

```
=COUNTIFS($A$2:$A$5000,A2,$C$2:$C$5000,C2)
```

## 4. F07 జూన్ నెల: 7,25,000 నుంచి 6,40,000కు

ఎగుమతి ఫైల్‌లో F07 పేరు మీద జూన్‌లో 7,25,000 కనిపించింది. పన్ను తీసేసిన విలువే. అయినా ఇది కమీషన్‌కు పనికొచ్చే అంకె కాదు.

| వివరం | మొత్తం |
|---|---|
| ఎగుమతి ఫైల్ మొత్తం | 7,25,000 |
| రద్దయిన ఇన్వాయిస్ | − 30,000 |
| రెండుసార్లు పడిన వరుస | − 15,000 |
| జూన్ సరుకే జూన్‌లో వాపసు | − 25,000 |
| F11కు మారిన కస్టమర్ ఇన్వాయిస్ | − 35,000 |
| F11తో కలిసి చేసిన 40,000 అమ్మకంలో సగం | + 20,000 |
| నికర అమ్మకం | 6,40,000 |

ఇందులో ఎక్కువమంది వదిలేసేవి చివరి రెండు. కస్టమర్ జూన్ మొదట్లోనే F11కు మారినా, సాఫ్ట్‌వేర్ మాస్టర్‌లో పాత కోడ్ అలాగే ఉండిపోయింది. అలాగే పంచుకున్న ఇన్వాయిస్ పూర్తిగా F11 పేరు మీద పడింది. ఇలాంటివి డేటా చూసి కనిపెట్టలేం. ఏరియా మేనేజర్ దగ్గర నుంచి ప్రతి నెలా "ఈ నెల మారిన కస్టమర్లు, పంచుకున్న అమ్మకాలు" అనే చిన్న జాబితా రావాలి. జాబితా ఖాళీగా ఉంటే "ఏమీ లేవు" అనైనా రాసి పంపించమనండి. మెయిల్ రాకపోవడాన్ని మార్పులు లేవనడానికి గుర్తుగా తీసుకోకండి.

దిద్దుబాటు చేసేటప్పుడు వరుసలను డిలీట్ చేయకండి. రద్దయినదాన్ని CAN చేయండి. రెండుసార్లు పడినదానికీ CAN పెట్టి, పక్కన ఎందుకో ఒక మాట రాయండి. కోడ్ మార్చినప్పుడు పాత కోడ్ ఏదో కూడా అక్కడే రాయండి. 35,000 ఏమైందని రెప్ అడిగినప్పుడు ఆ వరుసనే చూపించవచ్చు.

## 5. స్లాబ్ ఫార్ములా

చాలా ఫైళ్లలో కనిపించేది ఇది:

```
=IF(C2>800000,C2*4%,IF(C2>500000,C2*2.5%,IF(C2>200000,C2*1.5%,C2*1%)))
```

రాసినవారి ఉద్దేశం భాగాల వారీ లెక్కే అయి ఉండవచ్చు. ఈ ఫార్ములా మాత్రం మొత్తానికి రేటు వేస్తుంది. స్లాబ్ పట్టికలో రేటు వెతికి C2తో గుణించే VLOOKUP కూడా ఇదే పని చేస్తుంది. మీ ఫైల్ ఏం చేస్తోందో తెలుసుకోవడానికి C2లో 6,40,000 పెట్టి చూడండి. 16,000 వస్తే మొత్తం పద్ధతి, 10,000 వస్తే భాగాల పద్ధతి.

సరైన దారికి Slabs అనే షీట్ పెట్టండి.

| A: From | B: Rate | C: Step |
|---|---|---|
| 0 | 1% | 1% |
| 200000 | 1.5% | 0.5% |
| 500000 | 2.5% | 1% |
| 800000 | 4% | 1.5% |

Step అంటే ఈ రేటుకూ దీని ముందు రేటుకూ ఉన్న తేడా. C2లో `=B2`, C3లో `=B3-B2`, అలా కిందికి లాగండి.

దీని వెనక ఆలోచన ఇది. మొదటి రేటు 1% మొత్తం అమ్మకానికి ఎలాగూ ఉంటుంది. 2,00,000 దాటిన ప్రతి అంకెకూ ఇంకో 0.5% కలుస్తుంది. 5,00,000 దాటినదానికి మరో 1% కలుస్తుంది. F07కు వేసి చూద్దాం. 6,40,000కు 1% అంటే 6,400. 2,00,000 పైనున్న 4,40,000కు 0.5% అంటే 2,200. 5,00,000 పైనున్న 1,40,000కు 1% అంటే 1,400. కలిపితే 10,000. చేతి లెక్కకు సరిపోయింది.

ఇప్పుడు Calc అనే షీట్‌లో రెప్‌కూ నెలకూ కలిపి ఒక వరుస పెట్టండి. Aలో రెప్ కోడ్, Bలో నెల మొదటి తేదీ. C2లో నికర అమ్మకం:

```
=SUMIFS(Data!$I$2:$I$5000,Data!$C$2:$C$5000,A2,Data!$H$2:$H$5000,B2)
```

D2లో రావాల్సిన కమీషన్:

```
=ROUND(SUMPRODUCT((C2>Slabs!$A$2:$A$5)*(C2-Slabs!$A$2:$A$5)*Slabs!$C$2:$C$5),2)
```

వాపసులు ఎక్కువై నెల నికర అమ్మకం మైనస్‌లోకి వెళ్లినా ఈ ఫార్ములా 0 ఇస్తుంది. విడిగా షరతు రాయనక్కర్లేదు.

ఇక్కడ జరిగే తప్పులు:

- From కాలమ్‌లో 200001, 500001 అని రాయడం. కమీషన్ లెటర్‌లో "2,00,001 నుంచి" అని ఉంటుంది కాబట్టి అలాగే ఎక్కిస్తారు. అప్పుడు 10,000కు బదులు 9,999 చిల్లర వస్తుంది. ఈ ఫార్ములాకు కింది స్లాబ్ ముగిసే అంకే కావాలి.
- ఒక్కో ఇన్వాయిస్‌కు ROUND వేయడం. నెల మొత్తానికి చివర్లో ఒక్కసారి చాలు.
- కొత్త స్లాబ్ చేర్చి, ఫార్ములాలో రేంజ్ పాతదే ఉంచడం. Slabsలో ఆరో వరుస వస్తే, A5, C5 అని ఉన్న చోటల్లా A6, C6 కావాలి.

## 6. పాత నెల వాపసులు

జూన్‌కు F07కు 10,000 చెల్లించేశాం. జూలైలో, జూన్ ఇన్వాయిస్ మీద 2,00,000 విలువైన సరుకు వాపసు వచ్చింది. జూలైలో అతని సొంత అమ్మకం 9,00,000.

మామూలుగా జరిగేది, జూలై అమ్మకం నుంచి 2,00,000 తీసేసి 7,00,000కు కమీషన్ వేయడం. చూడటానికి న్యాయంగానే ఉంటుంది. అంకెలు వేస్తే బయటపడుతుంది.

9,00,000కు కమీషన్ 2,000 + 4,500 + 7,500 + 4,000 = 18,000. 7,00,000కు 11,500. అంటే వాపసు పేరుతో 6,500 కోత పడింది.

కానీ జూన్‌లో ఆ 2,00,000కు అతనికి ఇచ్చింది అంత కాదు. వాపసు తర్వాత జూన్ నికర అమ్మకం 4,40,000. దానికి కమీషన్ 2,000 + 3,600 = 5,600. ఇచ్చింది 10,000. వెనక్కి రావాల్సింది 4,400. జూలై బాగా అమ్మినందుకు అతను 2,100 అదనంగా పోగొట్టుకున్నాడు.

ఇప్పుడు జూలై మందకొడిగా సాగి 3,00,000 మాత్రమే అమ్మాడనుకోండి. దానికి కమీషన్ 3,500. 2,00,000 తీసేస్తే మిగిలిన 1,00,000కు 1,000. కోత 2,500 మాత్రమే. రావాల్సిన 4,400లో 1,900 సంస్థకు నష్టం.

| జూలై అమ్మకం | జూలై నుంచి తీసేస్తే కోత | నిజంగా రావాల్సింది |
|---|---|---|
| 9,00,000 | 6,500 | 4,400 |
| 3,00,000 | 2,500 | 4,400 |

ఈ పద్ధతి ఒక చెడ్డ అలవాటును నేర్పుతుంది. ఈ నెల బాగుంటే వాపసు కాగితాలను ఆపి, అమ్మకం తక్కువున్న నెలలో పెడితే రెప్‌కు లాభం. మంచి నెలలో నిజాయితీగా పెట్టినవాడికి నష్టం. క్రెడిట్ నోట్లు ఆలస్యంగా వస్తున్నాయని అకౌంట్స్ మొత్తుకునే చోట ఈ రూల్‌ను కూడా ఒకసారి చూడాలి.

కాబట్టి వాపసు అమ్మిన నెలకే వెళ్లాలి. ఆ నెల కమీషన్‌ను మళ్లీ లెక్కించి, ఇచ్చినదానికీ రావాల్సినదానికీ ఉన్న తేడానే ఈ నెల సర్దాలి.

అసలు ఇన్వాయిస్ నంబర్ లేకుండా వచ్చే వాపసులు కొన్ని ఉంటాయి. వాటికి రూల్‌లోనే ఒక మాట రాసుకోండి. ఆ కస్టమర్‌కు అదే సరుకు చివరిసారి అమ్మిన ఇన్వాయిస్‌ను అసలుగా తీసుకోవడం వాడుకకు సులువు. ఏ రూల్ పెట్టినా అందరికీ అదే వర్తించాలి. ఎవరి వాపసును ఏ నెలలో వేయాలో ఆ రోజుకు ఆ రోజు నిర్ణయించే పరిస్థితి రాకూడదు.

## 7. Paid షీట్‌తో సర్దుబాటు

పాత నెలలను చేత్తో మళ్లీ లెక్కించే పని పెట్టుకోవద్దు. Data షీట్‌లో H కాలమ్ ఇప్పటికే వాపసును జూన్‌కు పంపింది. కాబట్టి Calcలో F07 జూన్ వరుస దానంతట అదే 4,40,000కు, 5,600కు మారింది. మిగిలింది ఇంతవరకు ఎంత ఇచ్చామో తెలియడమే.

దానికి Paid అనే షీట్ పెట్టండి. A: Rep, B: Comm_Month, C: Run_Month అంటే చెల్లింపు వేసిన నెల, D: Amount. ప్రతి నెలా చెల్లింపు తేలాక ఇందులో వరుసలు చేర్చాలి. ఫార్ములాలు కాదు, అంకెలుగా పేస్ట్ చేయాలి.

Calcలో E2:

```
=SUMIFS(Paid!$D$2:$D$5000,Paid!$A$2:$A$5000,A2,Paid!$B$2:$B$5000,B2)
```

F2లో `=D2-E2`. ఈ నెల చెల్లించాల్సింది, ఆ రెప్ వరుసల F కాలమ్ మొత్తం. జూలై అమ్మకం 9,00,000 అయినప్పుడు F07కు ఇలా వస్తుంది:

| నెల | నికర అమ్మకం | రావాల్సింది | ఇచ్చింది | తేడా |
|---|---|---|---|---|
| జూన్ | 4,40,000 | 5,600 | 10,000 | − 4,400 |
| జూలై | 9,00,000 | 18,000 | 0 | 18,000 |

చెల్లింపు 13,600. Paid షీట్‌లో రెండు వరుసలు రాస్తాం: జూన్ పేరు మీద −4,400, జూలై పేరు మీద 18,000. రెండూ కలిపి 13,600 అని ఒకే వరుసగా రాస్తే వచ్చే నెల లెక్క చెడుతుంది.

ఎందుకో ఆగస్టులో తెలుస్తుంది. జూన్ ఇన్వాయిస్ మీదే మరో 50,000 వాపసు వచ్చింది. జూన్ నికర అమ్మకం ఇప్పుడు 3,90,000, రావాల్సింది 4,850. ఇచ్చింది 10,000 − 4,400 = 5,600. తేడా −750. ఇదే సరైన రికవరీ.

చేత్తో చేసేవారు ఇక్కడ మళ్లీ 6,40,000 దగ్గర మొదలుపెడతారు. అందులో 50,000 తీస్తే 5,90,000. దాని కమీషన్ 8,750. కోత 1,250 అని వేస్తారు. ముందటి వాపసుతో జూన్ అమ్మకం ఇప్పటికే రెండో స్లాబ్‌లోకి దిగిన సంగతి ఆ లెక్కకు తెలియదు.

### మొత్తం మైనస్ వస్తే

జూలై అమ్మకం 3,00,000 మాత్రమే అయితే, రావాల్సిన 3,500 నుంచి 4,400 పోగా −900 వస్తుంది. చెల్లింపు 0. మిగిలిన 900 తర్వాతి నెల కమీషన్ నుంచి సర్దాలని రూల్‌లో ఉండాలి. జీతం నుంచి కోయడం వేరే సంగతి. చట్టం, ఉద్యోగ ఒప్పందం ఒప్పుకుంటాయో లేదో చూడకుండా ఆ పని చేయకూడదు.

Paid షీట్‌లో నిజంగా సర్దుబాటైనంతే రాయండి: జూలైకు 3,500, జూన్‌కు −3,500. అప్పుడు వచ్చే నెల జూన్ వరుసలో ఇచ్చింది 6,500, రావాల్సింది 5,600, తేడా −900 అని దానంతట అదే కనిపిస్తుంది. మైనస్ బాకీకి ఇంకో షీట్ అక్కర్లేదు.

### స్లాబ్‌లు మారినప్పుడు జాగ్రత్త

ఈ ఏర్పాటులో ఒక ప్రమాదముంది. సెప్టెంబర్ నుంచి రేట్లు మారాయని Slabs షీట్‌లో అంకెలు దిద్దితే, జూన్, జూలై వరుసలు కూడా కొత్త రేట్లతో మారిపోతాయి. ఎవరూ వాపసు పెట్టకపోయినా అందరికీ పాత నెలల మీద సర్దుబాట్లు పుట్టుకొస్తాయి. పాత షీట్‌ను ముట్టుకోకుండా Slabs2 పేరుతో ఇంకోటి పెట్టి, సెప్టెంబర్ వరుసల నుంచి ఫార్ములాను దానికి మార్చండి.

అలాగే పాత నెలలను ఎప్పటికీ తెరిచి ఉంచలేం. మూడు నెలలో, ఆరు నెలలో, మీ వాపసులు ఎంతకాలం దాకా వస్తాయో చూసి గడువు పెట్టండి. గడువు దాటిన నెల C, D కాలమ్‌లను విలువలుగా పేస్ట్ చేసి మూసేయవచ్చు.

## 8. చెల్లింపుకు ముందు తనిఖీ

మొదట మొత్తాలు కలవాలి. Data షీట్‌లో I కాలమ్ మొత్తం, Calc షీట్‌లో C కాలమ్ మొత్తం ఒకటే ఉండాలి.

```
=ROUND(SUM(Data!$I$2:$I$5000)-SUM(Calc!$C$2:$C$500),2)
```

0 రావాలి. నెలలు మూసిన తర్వాత వాటి మీద వచ్చిన వాపసులు ఉంటే, సరిగ్గా వాటి మొత్తమే తేడాగా రావాలి. ఇది నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మే తనిఖీ. ఎందుకంటే SUMIFS తనకు జత దొరకని వరుసను ఏ ఎర్రరూ చూపకుండా వదిలేస్తుంది. రెప్ కోడ్ చివర స్పేస్ ఉన్నా వదిలేస్తుంది. అసలు ఇన్వాయిస్ దొరకక H కాలమ్‌లో `#N/A` వచ్చిన వాపసునూ వదిలేస్తుంది. అలా జారిపోయిన వాపసు వల్ల ఎవరికో ఎక్కువ కమీషన్ వెళ్తుంది, ఫిర్యాదు కూడా రాదు. 0 రాకపోతే ముందు H కాలమ్‌లో `#N/A` కోసం, తర్వాత Cలో తెలియని కోడ్‌ల కోసం వెతకండి.

టెక్స్ట్‌గా ఉన్న తేదీలతోనూ జాగ్రత్త. ఎక్సెల్ వాటిని తేదీగా చదవలేకపోతే Hలో `#VALUE!` వస్తుంది, ఆ వరుసా అలాగే జారిపోతుంది.

తర్వాత హద్దుల పరీక్ష. ఖాళీ వరుసలో D ఫార్ములాను కాపీ చేసి C స్థానంలో ఈ అంకెలు పెట్టండి.

| నికర అమ్మకం | రావాల్సిన కమీషన్ |
|---|---|
| 0 | 0 |
| 2,00,000 | 2,000 |
| 5,00,000 | 6,500 |
| 8,00,000 | 14,000 |
| 10,00,000 | 22,000 |

స్లాబ్‌లు మారిన ప్రతిసారీ ఈ పట్టికను చేత్తో కొత్తగా లెక్కించుకుని పరీక్షించాలి. పరీక్ష అయ్యాక ఆ వరుసను తీసేయండి, లేకపోతే మొత్తాల్లో కలుస్తుంది.

మిగతావి త్వరగా అయిపోతాయి:

- D ని C తో భాగిస్తే వచ్చే శాతం ఎవరికైనా 1% కంటే తక్కువగానో, 4% కంటే ఎక్కువగానో ఉందా? భాగాల వారీ పద్ధతిలో అలా రాకూడదు.
- పాత నెలల్లో F కాలమ్ 0 కాని ప్రతి వరుసకూ, ఈ నెల వచ్చిన వాపసో, దిద్దుబాటో, పోయిన నెల మిగిలిన మైనస్ బాకీయో కారణంగా కనిపిస్తోందా?
- ఈ నెల అమ్మకం ఉన్న ప్రతి రెప్‌కూ Calcలో వరుస ఉందా? కొత్తగా చేరినవారిని చేర్చడం మర్చిపోవడం మామూలే.

## 9. రెప్‌కు ఇచ్చే స్టేట్‌మెంట్, నెల మూసివేత

రెప్‌కు మొత్తం ఒక్కటే పంపితే ఫోన్‌లు ఆగవు. ఒక పేజీలో ఇవి ఉండాలి:

- ఎగుమతి మొత్తం నుంచి నికర అమ్మకం దాకా, 4వ భాగంలోని పట్టికలాగే
- స్లాబ్ వారీగా ఎంత భాగానికి ఎంత కమీషన్
- పాత నెల సర్దుబాటు, క్రెడిట్ నోట్ నంబర్‌తో, అసలు ఇన్వాయిస్ నంబర్‌తో
- చెల్లింపు, మిగిలిన మైనస్ బాకీ ఉంటే అది

స్లాబ్ వారీ భాగం రెప్‌కు చూపేటప్పుడు Step పద్ధతి వాడకండి. 6,400 + 2,200 + 1,400 అంటే అతనికి అర్థం కాదు. 2,000 + 4,500 + 3,500 అని చూపాలి. మొత్తం ఒకటే కాబట్టి ఇబ్బంది లేదు.

స్టేట్‌మెంట్ పంపాక, పేరోల్‌కు వెళ్లకముందు అభ్యంతరాలకు కొన్ని రోజుల గడువు ఇవ్వండి. అభ్యంతరం ఇన్వాయిస్ నంబర్‌తో రావాలి. "నాకు తక్కువ వచ్చింది" అంటే వెతకడానికి ఏమీ ఉండదు. "ఈ నంబర్ ఇన్వాయిస్ నాది, లెక్కలో లేదు" అంటే ఐదు నిమిషాల్లో తేలుతుంది. గడువు తర్వాత వచ్చినవి తర్వాతి నెలకు వెళ్తాయి. Data షీట్‌లో వరుస సరిదిద్దితే చాలు, సర్దుబాటు దానంతట అదే వస్తుంది.

మూసేటప్పుడు ఈ వరుస తప్పకండి. ముందు F కాలమ్ ప్రకారం Paidలో విలువలు చేర్చాలి. చేర్చగానే Calcలో ప్రతి F గడి 0 కావాలి, మైనస్ బాకీ మిగిలినవారి వరుసలు తప్ప. 0 కాని గడి ఇంకేదైనా ఉంటే, నెల పొరపాటుగా వేశారనో, ఒక వరుస వదిలేశారనో అర్థం. అది సరిచేశాకే నెల పేరుతో ఫైల్ కాపీ తీసి, ఎవరూ మార్చకుండా చదవడానికి మాత్రమే ఉంచండి. వచ్చే నెల పని ఆ కాపీలో కాదు, అసలు ఫైల్‌లో చేయాలి.